వంటగట్టు మీద మూడు వారాలున్న వెన్న, నెయ్యి వాడవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విజయవాడ. మే నెలలో ఊరికి వెళ్లి మూడు వారాల తర్వాత వచ్చాం. ఉప్పు వేసిన ప్యాకెట్ వెన్న, ఇంట్లో కాచిన నెయ్యి రెండూ వంటగట్టు మీదే ఉండిపోయాయి. వెన్న కరిగి మళ్లీ గట్టిపడినట్టుంది. పిల్లలకు పెట్టవచ్చా?

సమాధానం: వెన్నను పారేయండి. నెయ్యిని మాత్రం పరీక్షించి చూసి, బాగుంటే వాడుకోవచ్చు.

ఈ తేడాకు కారణం నీరు. ప్యాకెట్ వెన్నలో సుమారు 80 శాతం కొవ్వు, 16 శాతం నీరు ఉంటాయి. ఆ నీరు కంటికి కనిపించనంత సన్నని బిందువులుగా కొవ్వులో చెదిరి ఉంటుంది. వేసిన ఉప్పంతా ఆ బిందువుల్లోనే చేరుతుంది కనుక, వెన్న మొత్తంలో ఉప్పు 2 శాతమే అయినా ఆ నీటిలో మాత్రం దాదాపు 11 శాతం ఉంటుంది. అంత ఉప్పులో చాలా రకాల సూక్ష్మజీవులు పెరగలేవు. చల్లని దేశాల్లో ఉప్పు వెన్నను ఒకటి రెండు రోజులు బల్ల మీద ఉంచుకోగలగడం ఇందువల్లే. మే నెల విజయవాడ వంటగదిలో వెన్న కరిగిపోతుంది. బిందువులు కలిసి నీరు అడుగుకు చేరుతుంది, పాల పదార్థాలూ దానితోనే దిగుతాయి. మళ్లీ గట్టిపడినా పాత అమరిక తిరిగి రాదు. ఇంట్లో చిలికిన వెన్న అయితే ఉప్పు ఉండదు, మజ్జిగ మిగిలి ఉంటుంది. దాన్ని ఒక్కరోజు కూడా బయట ఉంచవద్దు.

నెయ్యిలో నీరు దాదాపు ఉండదు. వెన్న కాచేటప్పుడు చిటపట శబ్దం ఆగి, అడుగున గసి ఎర్రబడేవరకు ఉంచి, దించాక శుభ్రంగా వడకట్టి ఉంటే, మూత బిగించిన పొడి సీసాలో అది కొన్ని నెలలు నిలుస్తుంది. తొందరపడి ముందే దించినా, గసి అడుగున మిగిలినా, తడి చెంచా ముంచినా బూజు రావడానికి దారి ఏర్పడుతుంది.

పగటి వెలుగులో సీసా అడుగు చూడండి. పైన తేట, కింద పూస ఏర్పడడం సహజమే. తెల్లని నూగు, పచ్చని లేదా నల్లని మచ్చ కనిపిస్తే సీసా మొత్తం పారేయాలి; పైపొర తీసేసి మిగిలింది వాడకూడదు. తర్వాత అర చెంచా నెయ్యి వేడి చేసి వాసన చూడండి. పాత నూనెలాంటి కనరు వాసన గానీ, పుల్లని ఘాటు గానీ వస్తే కొవ్వు చెడినట్టే. అలాంటి నెయ్యి ఒక చెంచా తిన్నంతమాత్రాన సాధారణంగా ప్రాణాపాయం ఉండదు గానీ, వికారం, కడుపునొప్పి రావచ్చు. దాన్ని మళ్లీ కాచినా చెడిన కొవ్వు బాగుపడదు, తమలపాకు వేసినా అంతే. ఆకు వాసనను కొంత కప్పుతుంది, అంతకంటే ఏమీ చేయదు.

ఇంట్లో గర్భిణులు, ఏడాదిలోపు బిడ్డలు, కీమోథెరపీ తీసుకుంటున్నవారు ఉంటే, అనుమానం ఉన్న నెయ్యిని పరీక్షించకుండానే పారేయండి. పిల్లలు ఇప్పటికే ఆ వెన్న తిని ఉండి, వాంతులు ఆగకపోయినా, విరేచనాల్లో రక్తం కనిపించినా, మూత్రం తగ్గినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.