“అన్ని జీవులూ బతకాలనే కోరుకుంటాయి” అన్న జైన గాథ ఏ ఆగమంలోది?

“‘అన్ని జీవులూ బతకాలనే కోరుకుంటాయి, చావాలని కాదు, అందుకే నిర్గ్రంథులు ఘోరమైన ప్రాణివధను విడిచిపెడతారు’ అన్నది ఆచారాంగంలోదని చదివాను, అక్కడ దొరకలేదు. మూలం ఎక్కడ?”

ఇది దశవైకాలిక సూత్రం ఆరవ అధ్యయనంలోనిది. ముద్రణను బట్టి గాథ సంఖ్య 10 గానో 11 గానో ఉంటుంది. ప్రాకృత మూలం ఇది:

సవ్వే జీవా వి ఇచ్ఛంతి జీవిఉం న మరిజ్జిఉం,
తమ్హా పాణవహం ఘోరం నిగ్గంథా వజ్జయంతి ణం.

ఆచారాంగం మొదటి శ్రుతస్కంధం రెండవ అధ్యయనంలో, ప్రాణులన్నిటికీ ఆయుష్షు ప్రియమని, దుఃఖం ప్రతికూలమని చెప్పే వాక్యం ఉండడం వల్లనే ఈ పొరపాటు వచ్చి ఉంటుంది. అయితే అది వచనం, మీరడిగినది శ్లోకం.

దీన్ని విడిగా చదివితే సాధారణమైన కరుణావాక్యంలా కనిపిస్తుంది గాని, సందర్భంలో ఇది ఒక నియమానికి చెప్పిన కారణం. రాజులు, మంత్రులు మొదలైనవారు నిర్గ్రంథుల, అంటే జైన మునుల, ఆచారం గురించి అడిగినప్పుడు, ఆచార్యుడు పద్దెనిమిది స్థానాలను, అంటే ఆచార విషయాలను, వివరిస్తూ అహింసను మొదటిదిగా చెబుతాడు. దీనికి ముందున్న గాథ, కదిలే త్రస జీవులనైనా కదలని స్థావర జీవులనైనా, తెలిసిగాని తెలియకగాని చంపరాదని, చంపించరాదని విధిస్తుంది. కాబట్టి “అన్ని జీవులూ” అన్నచోట మట్టి, నీరు, నిప్పు, గాలి, మొక్కలే శరీరంగా గల జీవులు కూడా చేరతాయి. వాటి సంగతిని అదే అధ్యయనం తరువాత వివరిస్తుంది. దశవైకాలికం శ్వేతాంబర జైనుల ఆగమం. దిగంబరులు ప్రస్తుత పాఠాన్ని ప్రమాణంగా అంగీకరించరు.