మాన్యువల్లో ‘జేసీబీ’ అని రాయొచ్చా?

ప్రశ్న: ఒక కంపెనీ ఎక్స్‌కవేటర్ ఆపరేటర్ మాన్యువల్‌ను తెలుగు చేశాను. అందరికీ అర్థమవుతుందని అంతటా ‘జేసీబీ’ అని రాశాను. క్లయింటు వెనక్కి పంపారు. 140 పేజీలు! ఒక్కసారే Replace All కొట్టేయొచ్చా?

జవాబు: కొట్టొద్దు. ముందు అసలు తప్పు ఎక్కడుందో చూడండి. జేసీబీ అనేది 1945లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ పెట్టిన కంపెనీ పేరు. మన ఊళ్లలో ఆ పేరుతో పిలిచేది ఎక్కువగా బ్యాక్‌హో లోడర్‌ని. దానికి ముందు లోడర్ బకెట్, వెనుక తవ్వే చేయి, నాలుగు టైర్లు ఉంటాయి. ఆ చేయి తిరిగేది సుమారు 180 డిగ్రీలే. ఎక్స్‌కవేటర్‌లో క్యాబిన్‌తో సహా పైభాగమంతా 360 డిగ్రీలు తిరుగుతుంది, వెనుక ఉన్న బరువు దిమ్మ, అంటే కౌంటర్‌వెయిట్ కూడా దాంతోపాటే. ‘జేసీబీ తిరిగే పరిధిలోకి రావద్దు’ అని చదివిన కూలీ చేయి వైపు మాత్రమే జాగ్రత్తపడతాడు, కౌంటర్‌వెయిట్ పక్కన నిలబడతాడు. క్లయింటు అభ్యంతరం బ్రాండు గురించే కావచ్చు గానీ, అసలు ప్రమాదం ఇక్కడుంది.

ఎక్స్‌కవేటర్‌ని మనవాళ్లు ‘ప్రొక్లెయిన్’ అంటారు. అదీ పొక్లెయిన్ అనే ఫ్రెంచి కంపెనీ పేరే, మధ్యలో ‘ర’ మనం చేర్చుకున్నది. కాబట్టి అదీ వద్దు. వాడుక పేరు బదులు, మొదటిసారి వచ్చినచోట ‘ఎక్స్‌కవేటర్ (పైభాగం పూర్తిగా గుండ్రంగా తిరిగే తవ్వకం యంత్రం)’ అని రాసి, తర్వాత ‘ఎక్స్‌కవేటర్’ అంటే చాలు.

ఇక మార్చడం. లిబ్రాఫీస్ రైటర్‌లో Ctrl+H నొక్కి, Regular expressions టిక్ చేసి ఇది వెతకండి. గుణింతం గుర్తులు చుక్కల సున్నాతో కనిపించినా కంగారుపడొద్దు:

```
జ[ేె][. ]*స[ిీ][. ]*బ[ిీ]
```

జేసీబీ, జెసిబి, జె.సి.బి. అన్నీ దొరుకుతాయి. Replace All ఎందుకు వద్దంటే, విభక్తులు చెడతాయి. ‘జేసీబీకి’లోని ‘కి’ ముందున్న ఈకారం వల్ల వచ్చింది. ఎక్స్‌కవేటర్ పక్కన ‘కు’ రావాలి. ‘జేసీబీతో’ మారిస్తే ‘ఎక్స్‌కవేటర్తో’ అయి, ర కింద త వత్తు చేరుతుంది. మధ్యలో కంటికి కనిపించని U+200C అనే అక్షరం ఉంటేనే ‘ఎక్స్‌కవేటర్‌తో’ అని విడిగా నిలుస్తుంది. సరిగ్గా టైపు చేసిన ఒక పదాన్ని కాపీ చేసి Replace గడిలో అతికించడం తేలిక. బహువచనానికి మాత్రం అది అక్కర్లేదు, ‘ఎక్స్‌కవేటర్లు’ అనే వత్తు రూపమే మనకు అలవాటు.

అందుకే ముందు ‘జేసీబీకి’, ‘జేసీబీని’, ‘జేసీబీతో’, ‘జేసీబీలు’ వంటివి ఒక్కొక్కటే మార్చండి, ఒట్టి ‘జేసీబీ’ని ఆఖరున. చివర్లో పై వెతుకులాట మళ్లీ నడిపితే మిగిలినవి బయటపడతాయి. మూలంలో నిజంగానే ఆ కంపెనీ పేరు వచ్చిన చోట్లుంటే, వాటిని అలాగే ఉంచాలి.