పోచమ్మ వనంలో కనిపించని ఇప్ప మొక్కలు

"మా ఊరి దగ్గర పోచమ్మ పేరున వదిలేసిన రెండెకరాల చెట్లున్నాయి. ఇంత చిన్నదానివల్ల జీవవైవిధ్యానికి నిజంగా ఏమైనా లాభముందా?"

ఉంది, కానీ దాన్ని విస్తీర్ణంతో కొలవకూడదు. రెండెకరాల్లో దుప్పులు, ఎలుగుబంట్లు బతకవు. అక్కడ దొరికేది చుట్టుపక్కల అడవిలో కరవైన ముసలి చెట్లు. గొడ్డలి పడదు కనుక ఎండిన కొమ్మలూ చెట్టుమీదే ఉంటాయి. ఆ ముసలి చెట్లలో పడే తొర్రలే చిలుకలకు, గుడ్లగూబలకు గూళ్లు. మర్రి, జువ్వి చెట్లన్నీ ఒకేసారి పండవు, ఒక్కో చెట్టుకు ఒక్కో కాలం. అందువల్ల మిగతా అడవిలో పండు దొరకని నెలల్లోనూ పక్షులు ఈ వనానికే వస్తాయి, గింజలను దూరాలకు మోసుకుపోతాయి.

అయితే చాలామంది పైకి చూసి చెట్ల పేర్లు రాసుకుని, ఆ జాబితానే జీవవైవిధ్యమంటారు. నేనూ చాలాకాలం అదే చేశాను. కొన్నేళ్ల క్రితం ములుగు వైపు ఒక పోచమ్మ వనంలో పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పున నైలాన్ తాడు కట్టి, మోకాళ్లమీద కూర్చుని లేత మొక్కలను లెక్కపెట్టాను. పైన ఇద్దరు చేతులు చాచి పట్టుకున్నా అందనంత లావు ఇప్పచెట్లు నాలుగున్నాయి. కింద వేప, కానుగ మొక్కలే తప్ప ఇప్ప మొక్క ఒక్కటీ లేదు. నేలమీద మాత్రం సన్నటి బూడిద పొర కనిపించింది.

ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు రాలుతుంది. ఏరుకోవడం సులువవుతుందని అంతకుముందే చెట్ల కింద ఎండుటాకులకు నిప్పు పెడతారు, దాంతో ఏడాది వయసు మొక్కలన్నీ మాడిపోతాయి. ఆ తర్వాత నూనె కోసం ఇప్ప గింజలనూ ఏరేస్తారు. మిగిలిన కొద్ది గింజలు ఎక్కువకాలం నిలవవు కనుక తొలకరి వానలకే మొలకెత్తాలి, లేకుంటే చచ్చిపోతాయి. అక్కడున్న పెద్దాయనను అడిగితే, "గొడ్డలి పెడ్తే అమ్మ ఊకోదు సారూ, అగ్గి పెడ్తే ఏమంటది?" అన్నాడు. ఆ కట్టుబాటు చెట్టును కాపాడింది గాని, దాని పిల్లలను కాపాడలేదు. ఆ నాలుగు చెట్లు పడిపోయిననాడు అక్కడ ఇప్ప ఉండదు, జాబితాలో పేరు మాత్రం ఉంటుంది.

ఇంకో వనంలో అయితే గుడి కమిటీవారు జాతరకు వసతి పేరుతో చెట్ల మొదళ్ల చుట్టూ సిమెంటు గచ్చు పోయించారు. ఒక్క చెట్టూ నరకలేదు కనుక వనం భద్రమేనని వాళ్ల వాదన. గచ్చులో ఏ గింజ మొలుస్తుందో నాకైతే తెలియదు.

అందుకే మీ వనంలో ముందు నేలను చూడండి. ముసలి చెట్టు జాతిదే మోకాలెత్తు మొక్క, నడుమెత్తు మొక్క రెండూ కనిపిస్తే ఆ రెండెకరాలు నిజంగా బతికున్నట్టే. నేను చెప్పిన ఊళ్లో మరుసటి ఏడాది రెండు కుటుంబాలవాళ్లు నిప్పు పెట్టడం మానేసి, చెట్ల కింద పాత చీరలు పరిచి పువ్వు ఏరుకున్నారు. వానాకాలంలో అక్కడ పదకొండు ఇప్ప మొలకలు లెక్కపెట్టాను. దసరాకు వెళ్లేసరికి మేకలు మూడింటిని మిగిల్చాయి.