క్యాష్ ఆన్ డెలివరీ డబ్బు డెలివరీ బాయ్స్ సరిగ్గా కడుతున్నారో లేదో బ్యాంకు ఖాతాతో ఎలా సరిచూసుకోవాలి?

మొత్తాలు సరిచూసుకుంటే సరిపోదండీ, ఒక్కో ఆర్డర్‌నీ విడిగా చూసుకోవాలి. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది.

మా దగ్గర ఒక కుర్రాడు సోమవారం 14 పార్సిళ్లు తీసుకెళ్లాడు. వాటికి రావాల్సింది 18,400. సాయంత్రం 15,900 కట్టి, మిగతా 2,500 ఆర్డర్‌కి కస్టమర్ రేపు రమ్మన్నారన్నాడు. సరే అన్నాం. మంగళవారం కొత్తగా 15,200 రావాలి, పాత 2,500 కలిపితే 17,700. అతను 15,000 కట్టాడు. పాత ఆర్డర్ క్లియర్ అయింది, 2,700 విలువైన ఇంకో ఆర్డర్ పెండింగ్‌లో పడింది. బుధవారం పెండింగ్ 3,100. రోజూ పెండింగ్‌లో ఒక్క పార్సిలే, అదీ రోజుకో కొత్త ఆర్డర్. బ్యాంకులో వేసింది, పెండింగ్‌ది కలిపితే లెక్క పైసాతో సహా సరిపోయేది. అకౌంటెంట్‌కి అనుమానమే రాలేదు. మొత్తం టాలీ అయితే చాలనుకునే అకౌంటెంట్లంటే నాకు ఇప్పటికీ కోపమే.

శనివారం ఒక కస్టమర్ ఫోన్ చేసి, "నిన్న తీసుకున్న డ్రెస్ సైజు మార్చి ఇస్తారా?" అని అడిగారు. మా షీట్‌లో ఆ ఆర్డర్ ఇంకా డెలివరీ కాలేదనే ఉంది! అప్పుడు తెలిసింది. సోమవారం 2,500 వాడేసుకున్నాడు. ఆ లోటును మంగళవారం డబ్బుతో పూడ్చాడు, దాన్ని బుధవారం డబ్బుతో. ప్రతిసారీ ఇంకొంచెం వాడుకున్నాడు కాబట్టి గుంత పెరుగుతూ పోయింది.

అప్పటినుంచి మా పద్ధతి మారింది. సాయంత్రం ప్రతి ఆర్డర్‌కీ డబ్బైనా రావాలి, పార్సిలైనా వెనక్కి రావాలి. రేపు రమ్మన్నారంటే పార్సిల్ మా టేబుల్ మీద కనపడాల్సిందే. కస్టమర్ ఓటీపీ చెప్పిన తేదీ, డబ్బు మా చేతికొచ్చిన తేదీ, బ్యాంకులో వేసిన స్లిప్ నంబరు, ఈ మూడూ ఆర్డర్ నంబరు ఎదురుగా రాస్తాం. మొదటి రెండు తేదీల మధ్య ఒక్క రోజు తేడా ఉన్నా అదే రోజు అడుగుతాం. ఎవరి డబ్బు వాళ్ల పేరుతో విడిగా డిపాజిట్ చేస్తాం. నలుగురిదీ కలిపి ఒకే మొత్తంగా వేస్తే స్టేట్‌మెంట్‌లో తగ్గింది ఎవరిదో వెతకలేం. డెలివరీ అయ్యి డబ్బు ఇంకా చేరని ఆర్డర్లను ఆ కుర్రాడి పేరు మీద బాకీగా చూపిస్తాం, బ్యాంకు నిల్వలో కలపం.

ఇంకో తలనొప్పి ఏంటంటే, కొందరు కస్టమర్లు చిల్లర లేదని డెలివరీ బాయ్ సొంత నంబరుకి ఆన్‌లైన్‌లో పంపేస్తారు. ఆ డబ్బు మన ఖాతాకి రానే రాదు, పైగా కస్టమర్ కట్టేశాననే అంటారు. అందుకే పార్సిల్ మీద మా ఖాతా క్యూఆర్ కోడ్ అంటిస్తున్నాం. అలా వచ్చిన వాటిని నగదు లెక్కలోంచి తీసేసి, రిఫరెన్స్ నంబరుతో వేరే కాలమ్‌లో రాస్తాం.