తండ్రి మనసు మాటల్లో చెప్పకుండా

ప్రియమైన తమ్ముడికి,

నీ స్క్రిప్టు చదివాను. ఇల్లు అమ్మే రోజు సన్నివేశంలో తండ్రి గొంతు నేపథ్యంలో వినిపిస్తుంది: "కూతురి కోసం ఒప్పుకున్నాను గానీ ఈ ఇంటిని వదలలేకపోతున్నాను." ఆ వాక్యం తీసేయి. దాని స్థానంలో "తండ్రి కళ్లలో బాధ" అని మాత్రం రాయకు. అలా రాస్తే నీ పని నటుడి మీదకు నెట్టినట్టే. ఆయన ఏం చేస్తాడో రాయి.

1960లో వచ్చిన బిల్లీ వైల్డర్ సినిమా 'ది అపార్ట్‌మెంట్' చూడు. అందులో బాక్స్‌టర్ అనే ఉద్యోగి తన ఫ్లాటును పై అధికారుల రహస్య కలయికలకు ఇస్తుంటాడు. ఒకసారి అక్కడ పగిలిన అద్దమున్న చిన్న పౌడరు డబ్బా దొరుకుతుంది. దాన్ని తీసుకెళ్లి బాస్‌కు ఇచ్చేస్తాడు. తర్వాత ఆఫీసు క్రిస్మస్ పార్టీలో, అతను మనసుపడ్డ ఫ్రాన్, కొత్త టోపీ ఎలా ఉందో చూసుకోమని తన డబ్బా ఇస్తుంది. తెరిస్తే అదే పగిలిన అద్దం. బాస్ దగ్గరకు వచ్చే అమ్మాయి ఎవరో మనకు ముందే తెలుసు, అతనికి మాత్రం ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. అతనికి తెలిసిపోయిందని ఆమెకు తెలియదు. అంత బరువును ఆ అద్దం మోయగలిగిందంటే కారణం ముందు సన్నివేశమే. అక్కడ అది దొరికిన వస్తువు మాత్రమే. ఎవరూ దానికి ప్రాముఖ్యం ఇవ్వరు.

నీ కథలోనూ అలాంటి వస్తువు ఇప్పటికే ఉంది. రెండో సన్నివేశంలో వంటింటి కొళాయి కారుతోందని కూతురు విసుక్కుంటే, తండ్రి "చూద్దాంలే" అని కింద బకెట్టు పెడతాడు. దాన్ని నువ్వు అక్కడే వదిలేశావు. రిజిస్ట్రేషన్ రోజు ఉదయానికి తీసుకురా. బయట ఆటో హారన్ కొడుతోంది. తండ్రి ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి, పానాతో కొళాయి విప్పుతున్నాడు. కూతురు తొందరపెట్టడానికే వంటింట్లోకి వస్తుంది. గట్టు మీద కొత్త వాషరు చూసి ఆగుతుంది. దాన్ని తీసి ఆయన చేతికిస్తుంది. అంతవరకే రాయి. "కొన్నవాళ్లు ఇబ్బంది పడకూడదు కదా" అని ఆయన అంటే అననివ్వు. అది సాకు అని మనకు తెలుస్తుంది. "ఇంటిమీద మమకారం" అన్న మాట ఎవరి నోటా రానివ్వకు.

రెండో సన్నివేశంలో కొళాయిని క్లోజప్‌లో చూపించమని రాయకు. ముందే వేలెత్తి చూపిస్తే ప్రేక్షకుడు దాని కోసమే కాచుకుని కూర్చుంటాడు. విసుగులో భాగంగా దొర్లిపోతే చాలు. పని చేసిందో లేదో తెలియాలంటే, కథ తెలియనివాళ్లకు ఈ రెండు సన్నివేశాలూ చదివించి, ఆయన ఆలస్యం ఎందుకు చేస్తున్నాడని అడుగు. "కొళాయి బాగుచేయడానికి" అంటే ముందు సన్నివేశం చాలలేదన్నమాట. "వెళ్లడం ఇష్టంలేక" అంటే కుదిరింది.

కొళాయితో అన్నీ చెప్పించలేవు. భార్య బతికి ఉంటే అమ్మకానికి ఒప్పుకునేదా అన్న ఆయన సందేహం గతానికి చెందినది. అది ఏ వస్తువులోనూ ఇమడదు. దాన్ని ఆటోలో కూతురిని అడిగే ప్రశ్నగా పెట్టు. ఆమె జవాబు చెప్పాలో వద్దో నువ్వే తేల్చుకుని, ఆ పేజీలు మళ్లీ పంపు.

నీ అన్నయ్య