వేరే దారి లేనివాణ్ణి తప్పుపట్టవచ్చా?

ప్రశ్న: “వేరేలా చేసే అవకాశమే లేనివాడు చేసిన పనికి బాధ్యుడు ఎలా అవుతాడు? తత్వవేత్త ఫ్రాంక్‌ఫర్ట్ ఇచ్చిన ఉదాహరణలు చదివాను కానీ అవి నన్ను ఒప్పించలేదు. అందులో ఏదో మెలిక ఉందనిపిస్తోంది.”

మెలిక ఉన్న మాట నిజమే, కానీ చాలామంది వెతికే చోట లేదు. ఉదాహరణను సరిగ్గా కడితే అదెక్కడుందో తెలుస్తుంది.

సోము లిఫ్టులు తనిఖీ చేసే ఇంజనీరు. ఒక లిఫ్టు తాడు అరిగిపోయిందని అతనికి తెలుసు. అయినా లంచం తీసుకుని, అంతా బాగుందని రాసిన పత్రం మీద సంతకం పెట్టాలని నిర్ణయించుకుంటాడు. అతనికి తెలియకుండా ఎవరో అతని మెదడులో ఒక పరికరం అమర్చారు. సోము మనసు మార్చుకోబోతే అది పనిచేసి, సంతకం పెట్టాలనే నిర్ణయాన్నే పుట్టిస్తుంది. సోము వెనకాడలేదు, అది కదల్లేదు. తప్పించుకునే దారి లేకపోయినా తప్పు సోముదే అనిపిస్తుంది. వేరేలా చేయగలిగినప్పుడే మనిషి బాధ్యుడు అనే ప్రత్యామ్నాయ అవకాశాల సూత్రానికి 1969లో హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ పెట్టిన దెబ్బ ఇదే.

ఇక్కడ చాలామంది పరికరం పనిచేసిన సందర్భాన్ని ఊహించుకుని, “పాపం, అతని చేత చేయించారు కదా” అంటారు. అది వేరే కథ. మనకు కావలసింది పరికరం నిద్రపోతున్న సందర్భం. మీరు కట్టిన ఉదాహరణను పరీక్షించాలంటే పరికరాన్ని కథలోంచి తీసేయండి. సోము ఎందుకు సంతకం పెట్టాడో చెప్పే వివరణలో ఒక్క ముక్క కూడా మారకూడదు. మారితే ఉదాహరణ చెడినట్టే.

ఇప్పుడు అసలు ఇబ్బందికి వద్దాం. సోము మనసు మార్చుకోబోతున్నాడని పరికరానికి ముందే ఎలా తెలుస్తుంది? ఏదో ఒక సంకేతం ఉండాలి. అతను లంచం తలచుకుని నవ్వితే సంతకానికి సిద్ధమని, నవ్వకపోతే మారబోతున్నాడని అనుకుందాం. ఆ నవ్వు తర్వాతి నిర్ణయాన్ని తప్పనిసరి చేస్తుందంటే, నిర్ణయం ముందే ఖాయమైపోయిందని మనం ఒప్పుకున్నట్టే. అలా ఖాయమైతే బాధ్యత ఉండదని వాదించేవాళ్లు ఈ ఉదాహరణను ఎందుకు ఒప్పుకుంటారు? తప్పనిసరి చేయదంటే, నవ్విన తర్వాత కూడా సోము మనసు మార్చుకోగలడు. అంటే వేరే దారి ఉన్నట్టే. రాబర్ట్ కేన్, డేవిడ్ వైడర్కర్ లాంటి తత్వవేత్తలు లేవనెత్తిన చిక్కుముడి ఇది. మీకు తోచిన మెలిక ఇదే అయ్యుండాలి.

దీనికి నాకు బాగా నచ్చిన జవాబు మరో తత్వవేత్త డెర్క్ పెరెబూమ్‌ది. ఆయన సంకేతాన్ని ఎదురు వైపు పెట్టాడు. మన కథలో చెప్పాలంటే, సోము వెనక్కి తగ్గాలంటే ముందుగా లిఫ్టు ఎక్కే మనుషుల ప్రాణాల గురించి ఒక స్థాయికి మించి ఆలోచించి తీరాలి. అతని మనస్తత్వం అలాంటిది. ఆలోచించడం, మానడం అతని చేతిలోనే ఉంది. కానీ అలా ఆలోచించినంత మాత్రాన వెనక్కి తగ్గుతాడని లేదు. అంతా ఆలోచించాక కూడా సంతకం పెట్టొచ్చు. పరికరం కనిపెట్టుకుని ఉండేది ఆ ఆలోచన కోసమే. సోము ఆలోచించలేదు. సంతకానికి సొంతంగా సిద్ధపడ్డాడు, ముందున్న కారణాలేవీ ఆ నిర్ణయాన్ని ఖాయం చేయలేదు. అయినా వెనక్కి తగ్గే దారి మూసే ఉంది, ఎందుకంటే ఆ దారిలో మొదటి అడుగు వేయగానే పరికరం పట్టేస్తుంది. చిక్కుముడిలోని రెండు కొనలూ దీనికి తగలవు.

“మరి ఆలోచించే అవకాశం ఉంది కదా, అదే వేరే దారి” అంటారా? ఉంది. కానీ అది సోమును నిర్దోషిని చేసేంత దారేనా? ఆలోచించినా సంతకం మానుకున్నట్టు కాదు. పైగా ఆలోచిస్తే పరికరం అడ్డుపడి తన మీద నింద తప్పుతుందని అతనికి తెలియదు. తెలియని తలుపు తెరవలేదని ఎవరినీ తప్పుపట్టం. సూత్రాన్ని సమర్థించేవాళ్లు దీన్నీ వదలరు: ప్రాణాల గురించి ఆలోచించాల్సిన బాధ్యత ఉండి ఆలోచించకపోవడమే అసలు తప్పు, సంతకం తప్పు దాని నుంచే వచ్చింది అంటారు. ఇది గట్టి ఎదురుమాటే. అయితే నా లెక్కలో ఇది సంతకం నిర్ణయానికున్న నేరుగా తగిలే తప్పును చిన్నది చేస్తుంది. తాడు అరిగిందని తెలిసి, డబ్బు కోసం సంతకం పెట్టాలనుకున్న ఆ క్షణంలోనే తప్పంతా కనిపిస్తోంది.

ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోండి. ఇక్కడ దారి మూసిన పరికరం నిర్ణయాన్ని పుట్టించలేదు. ప్రతి పనీ ముందున్న కారణాల వల్లే ఖాయమవుతుందనే నియతివాదం నిజమైతే, దారి మూసే ఆ కారణాలే నిర్ణయాన్నీ పుట్టిస్తాయి. కాబట్టి నియతివాదం నిజమైనా బాధ్యత ఉంటుందని ఈ ఉదాహరణ ఒక్కటే తేల్చదు. పెరెబూమ్ కూడా సూత్రాన్ని కాదంటూనే, నియతివాదం కింద నిందకు అర్హులయ్యేంత బాధ్యత ఎవరికీ ఉండదంటాడు.