ఉషకు, మాస్కు గుడ్డ కొనేముందు

చిరంజీవి ఉషకు పెదనాన్న ఆశీస్సులు.

మీ కాలనీలో రోడ్లు ఊడ్చేవాళ్లకు నువ్వు బట్ట మాస్కులు కుట్టి ఇవ్వబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంటి పిల్లకు ఈ ఆలోచన వచ్చిందని ఆ పూటంతా మీ పెద్దమ్మతో గొప్పగా చెప్పుకున్నాను. రాత్రి పడుకున్నాక గుబులు మొదలైంది. గుడ్డ కోసం శనివారం సికింద్రాబాద్ జనరల్ బజారుకు వెళ్తున్నావట. మిల్లులో బట్ట పరీక్షలు చేస్తూ తల నెరిసిన పెదనాన్న బోడుప్పల్‌లో ఉండగా, అడగకుండానే బేరానికి బయలుదేరతావా?

కత్తిరింపు, కుట్టు నీకు నేను నేర్పక్కర్లేదు. ముక్కు మీద వంగే తీగ పెట్టు. చెవులకు రబ్బరు బదులు తల వెనక కట్టుకునే నాడాలు పెట్టు, బిగువుగా నిలుస్తాయి.

ఇక గుడ్డ సంగతి. అందరూ మాస్కును జల్లెడ అనుకుంటారు. రంధ్రం కన్నా పెద్ద దుమ్ము ఆగుతుంది, చిన్నది పోతుంది అని. అదే నిజమైతే ఏ నూలు గుడ్డా పనికిరాదు. ఎందుకంటే పడుగుకూ పేకకూ మధ్య ఖాళీలు చాలాచోట్ల పదుల మైక్రాన్లు ఉంటాయి, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, మనకు హాని చేసే దుమ్ము పది మైక్రాన్ల లోపుది. అయినా కొంత ఆగుతుంది. గాలి పీచు చుట్టూ వంపు తిరిగి వెళ్తుంది. బరువైన దుమ్ము కణం అంత చురుగ్గా తిరగలేక నేరుగా వెళ్లి పీచుకు కొట్టుకుంటుంది. మరీ సన్న కణాన్ని గాలి అణువులు అటూ ఇటూ నెడుతుంటాయి, అది తడబడుతూ ఎక్కడో ఒకచోట పీచును తాకుతుంది. తాకినదల్లా దాదాపు అక్కడే అంటుకుపోతుంది. ఈ రెండింటికీ మధ్య, సుమారు 0.3 మైక్రాన్ దగ్గర ఉండే కణం అంత బరువుగానూ ఉండదు, అంతగా తడబడనూ తడబడదు. అన్నిటికన్నా సులువుగా తప్పించుకునేది అదే. చీపురు కింద లేచే దుమ్ములో బరువైన కణాలే ఎక్కువ కనుక నీ మాస్కు అక్కడ అక్కరకొస్తుంది. పక్కనే ఆగిన లారీ వదిలే డీజిలు పొగను మాత్రం అది పెద్దగా ఆపలేదు. ఆ మాట వాళ్లకు ముందే చెప్పు.

దీన్నిబట్టి దుమ్మును పట్టేది గాలికి అడ్డంగా ఉన్న పీచు మాత్రమే. గట్టిగా పురి పెట్టిన పోగు లోపల ఎన్ని పీచులున్నా, గాలి ఆ పోగులోంచి వెళ్లదు, పక్కనున్న ఖాళీలోంచి వెళ్తుంది. లోపలి పీచులు ఊరికే కూర్చుంటాయి. అందుకే పసిపిల్లల చొక్కాలకు వాడే నూలు ఫ్లానెల్ నాకు ఇష్టం. దాని మీద లేచిన నూగు ఆ ఖాళీలకు అడ్డంగా పరుచుకుంటుంది. పైపొరకు దగ్గర నేత పాప్లిన్, మధ్యలో ఫ్లానెల్, ముఖానికి తగిలేచోట మెత్తని మల్‌మల్ తీసుకో. మూడు చాలు.

నాలుగైదు వేస్తే ఇంకా మంచిది కదా అంటావు, నాకు తెలుసు. లెక్క వేసి చూడు. ఒకే సైజు దుమ్ము కణాలు నూరు వచ్చాయనీ, ఒక్కో పొర తన దగ్గరికి వచ్చినవాటిలో నూటికి 30 పడుతుందనీ అనుకో. మొదటి పొర దాటేవి 70, రెండోది దాటేవి 49, మూడోది దాటేవి 34. నాలుగో పొర పట్టేది పది మాత్రమే. కానీ ఊపిరికి మొదటి పొర ఎంత అడ్డమో నాలుగోదీ అంతే అడ్డం. ఆ అడ్డం పెరిగేకొద్దీ గాలి గుడ్డను వదిలేసి ముక్కు పక్క సందులోంచి దూరుతుంది. సందులోంచి వచ్చే గాలిని ఏ పీచూ వడకట్టదు.

నా భయం అక్కడే ఉంది. నగర శివారులో ఒక గ్రానైటు కోత షెడ్డు ఉండేది. యజమాని చెడ్డవాడేమీ కాదు, పనివాళ్ల మీద ప్రేమతోనే జీన్స్ గుడ్డ మడతలు పెట్టించి మందపాటి మాస్కులు కుట్టించాడు. చేతిలోకి తీసుకుంటే ఎంత భద్రమో అనిపించేది. ఒకసారి వాళ్లలో ఒకతను మాస్కు తీసినప్పుడు చూశాను. మూతి చుట్టూ చర్మం శుభ్రంగా ఉంది, ముక్కుకు రెండు పక్కల నుంచి కళ్ల కింది దాకా తెల్లటి చారలు. గాలి వచ్చిన దారి అదే. గుడ్డలోంచి ఊపిరి ఆడక సందుల్లోంచి పీల్చుకుంటున్నాడు. నేను చెబితే నవ్వారు, “ఇంత మందం గుడ్డ దాటి ఏం వస్తుందండీ” అని. మాస్కు ఉందన్న ధీమాతో రాతి మీద నీళ్లు పోస్తూ కోయడం కూడా మానేశారు. తడి ఉంటే దుమ్ము అంతగా లేవదు, కానీ పని నెమ్మదిస్తుంది కదా. గ్రానైటులో సిలికా ఉంటుంది. దాని అతి సన్న దుమ్ము ఊపిరితిత్తుల అడుగుదాకా చేరి అక్కడ మచ్చలు కట్టిస్తుంది, ఆ మచ్చలు మళ్లీ మానవు. ఆ చారల మనిషి నాకన్నా చాలా చిన్నవాడు. చివరి రోజుల్లో ఇంటి గుమ్మం మెట్టు ఎక్కడానికి కూడా ఆగి ఆగి ఊపిరి తీసుకునేవాడు.

అందుకని, రాళ్లూ టైల్సూ కోసేవాళ్లెవరైనా అడిగితే నీ మాస్కు ఇవ్వకు. జాలిపడి అసలు ఇవ్వకు. వాళ్లకు దుమ్ము మాస్కుల భారత ప్రమాణం ఐఎస్ 9473 గుర్తున్న ఎఫ్ఎఫ్‌పీ2 రకం మాస్కు కావాలి, దానితోపాటు నీళ్లూ ఉండాలి. ఆ మాస్కుల్లో సాధారణంగా వాడే పాలీప్రొపిలీన్ పొర పీచులు కొన్ని మైక్రాన్ల సన్నం. పైగా వాటికి విద్యుదావేశం ఎక్కించి ఉంటారు కనుక దగ్గరికొచ్చిన కణాన్ని లాక్కుంటాయి. సబ్బుతో ఉతికినా శానిటైజరు చల్లినా ఆ శక్తి పోతుంది, చూడటానికి మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. దుకాణాల సంచుల గుడ్డ కూడా పాలీప్రొపిలీనే కదా అని మధ్యపొరకు తెచ్చేవు! దాని పీచు లావు, విద్యుదావేశం ఉండదు, ఇస్త్రీ పెట్టె తగిలితే కరుగుతుంది.

గుడ్డ కొన్నాక ముందు ఉతుకు. కొత్త బట్టలో గంజి ఉంటుంది. ఎండకు ఎత్తి చూస్తే గట్టి నేతలా కనిపించి, గంజి పోయాక చుక్కలు చుక్కలుగా వెలుగు దిగుతుంది. ఉతికాకే కొలిచి కత్తిరించు, లేకపోతే తర్వాత కుంచించుకుపోతుంది. కొవ్వొత్తి ఊది ఆర్పే పరీక్షను నమ్మకు. ప్లాస్టిక్ కాగితం కట్టుకున్నా కొవ్వొత్తి ఆరదు మరి! ఒక మాస్కు కుట్టి నువ్వే కట్టుకుని రెండంతస్తులు మెట్లెక్కు. లోపలికి పీల్చినప్పుడు గుడ్డ కొద్దిగా ముఖం వైపు కదలాలి. కదలకుండా కళ్లజోడు మసకబారితే గాలి సందుల్లోంచి పోతున్నట్టే.

వాళ్లకు ఇచ్చిన మొదటి రోజే, ఊడ్వడం అయ్యాక, తడి తెల్లగుడ్డతో ముక్కు పక్కలు తుడిపించి చూడు. చార కనిపిస్తే తీగ మార్చు, పొరలు పెంచకు. చెమటకు తడిస్తే మార్చుకోవడానికి ఒక్కొక్కరికి రెండు ఇవ్వు. తడిసిన గుడ్డలో నీరు ఖాళీలను మూసేస్తుంది, మళ్లీ గాలి పక్కదారే పడుతుంది.

శనివారం దుకాణంలో అన్ని గుడ్డలకూ జానెడు ముక్కలు అడిగి తీసుకో, తాను అప్పుడే కొనకు. ఆ ముక్కలు ఉతికి ఆదివారం పట్టుకురా, మేడ మీద ఎండలో ఇద్దరం చూద్దాం. భోజనం ఇక్కడే, మీ పెద్దమ్మకు చెప్పేశాను.

మీ పెదనాన్న